తెల్లవారకముందే లేచే పిల్లలకు లైటు గడియారం: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండున్నర, మూడేళ్ల పిల్లలు నాలుగున్నరకో, ఐదింటికో లేచి కూర్చుని ఇల్లంతా లేపుతుంటే ఏం చేయాలని విజయవాడ, గుంటూరు తల్లులు నన్ను అడిగే ప్రశ్నలివి. ముఖ్యంగా తెల్లారిందని లైటుతో చెప్పే గడియారాన్ని మొదట ఏ టైముకి పెట్టాలన్న దగ్గరే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఆ ప్రశ్నకు జవాబు పెద్దదిగా ఉంటుంది.

ఈ గడియారం పిల్లల్ని ఎక్కువసేపు పడుకోబెడుతుందా?

పడుకోబెట్టదు. అది చెప్పేది రెండే మాటలు: "ఇంకా రాత్రే", "ఇక తెల్లారింది". అంకెలు రాని పిల్లలకు ఈ రెండు మాటలు రంగుతో చెబుతుంది. రాత్రంతా లైటు ఉండదు, లేదా మసక ఎరుపు ఉంటుంది. మనం పెట్టిన టైముకి గ్రీన్ లైటు వెలుగుతుంది.

ఆకాశం చూసి తెలుసుకోవచ్చు కదా అని అనిపిస్తుంది. కానీ విజయవాడలో జూన్ మొదట్లో ఐదున్నరకే సూర్యోదయం, కిటికీ బయట వెలుగు ఐదింటికే మొదలవుతుంది. జనవరి చివర్లో ఆరూ నలభైకి గానీ సూర్యుడు రాడు. గంటకు పైగా తేడా. ఆకాశాన్ని నమ్ముకున్న పిల్లాడు ఎండాకాలం మొత్తం ఐదింటికే లేస్తాడు.

సూర్యోదయంలా మెల్లగా వెలిగే గడియారం కొన్నాం. అది పనికొస్తుందా?

జాగ్రత్తగా వాడాలి. బజార్లో లైటు గడియారం పేరుతో రెండు వేర్వేరు వస్తువులు దొరుకుతాయి. ఒకటి పెద్దల కోసం చేసింది. అలారం టైముకి ఇరవై, ముప్ఫై నిమిషాల ముందు నుంచి మెల్లగా వెలుగు పెంచుతూ మనిషిని లేపుతుంది. రెండోది పిల్లల కోసం చేసింది. అది ఎవరినీ లేపదు, లేచిన పిల్లాడికి టైమైందో లేదో చెబుతుందంతే.

ముందే లేచే పిల్లాడి గదిలో మొదటి రకాన్ని అలాగే పెడితే సమస్య పెరుగుతుంది. ఆరింటికని పెడితే ఐదున్నర నుంచే గదిలో వెలుగు మొదలవుతుంది. ఆ వేళకి పిల్లల నిద్ర ఎలాగూ పలచగా ఉంటుంది, ఆ కాస్త వెలుగుకే లేచిపోతారు. పైగా తెల్లవారుజామున కంట్లో పడే వెలుగు శరీరంలోని గడియారాన్ని ముందుకు జరుపుతుంది. అంటే రేపు ఇంకా ముందే మెలకువ వస్తుంది. కాబట్టి మెల్లగా వెలిగే ఏర్పాటు, పక్షుల కూతలు, పాటలు అన్నీ ఆపేయండి. లైటు ఒక్కసారిగా, తక్కువ వెలుగుతో వచ్చేలా పెట్టండి. రాత్రి ఏదైనా లైటు ఉండాల్సి వస్తే ఎరుపు గానీ, నిప్పు కణిక రంగు గానీ ఉండాలి. నీలం, తెలుపు వద్దు, అవి నిద్రకు ఎక్కువ అడ్డం.

కొందరు మగపిల్లలకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మీ కుటుంబంలో ఎవరికైనా ఆ ఇబ్బంది ఉంటే రంగు మారే పద్ధతి వద్దు. రాత్రంతా చీకటి, తెల్లారితే లైటు అన్న పద్ధతి పెట్టుకోండి.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి?

రెండేళ్ల లోపు వద్దు. "ముందు చేతులు కడుక్కో, తర్వాత బిస్కెట్" అంటే అర్థం చేసుకుని ఒక్క నిమిషం ఆగగలిగితే పిల్లాడు సిద్ధంగా ఉన్నట్టే. చాలామందికి రెండున్నర దాటాక ఇది వస్తుంది.

కొనే ముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వీటిని వదిలేసి గడియారం మీద ఆశ పెట్టుకుంటే నిరాశే. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. ముందు ఓ వారం పాటు మీ పిల్లాడు పడుకున్న టైము, లేచిన టైము, మధ్యాహ్నం నిద్ర ఒక కాగితం మీద రాయండి. ఎనిమిదింటికి పడుకుని ఐదున్నరకి లేచి, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని, రోజంతా హుషారుగా ఉంటే వాడి నిద్ర సరిపోయింది. అప్పుడు చేయాల్సింది పడుకునే టైమును రోజుకు కొద్దికొద్దిగా ఆలస్యం చేయడం.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది దీనికి ఉల్టా. రాత్రి పదింటికి పడుకుని ఐదింటికి లేస్తారు, నిద్ర చాలదు. ఆలస్యంగా పడుకోబెడితే ఆలస్యంగా లేస్తాడని అందరం అనుకుంటాం. బాగా అలిసిపోయిన పిల్లల్లో అలా జరగదు. నిద్ర చెదిరి ఇంకా ముందే లేస్తారు.

ఇంకో రెండు విషయాలు. ఎండాకాలంలో ఏసీకి నాలుగ్గంటల టైమర్ పెట్టి పడుకుంటే రాత్రి మధ్యలోనే అది ఆగిపోతుంది, గది ఉడికిపోతుంది, ఐదింటికల్లా పిల్లాడు చెమటతో లేస్తాడు. ఉష్ణోగ్రత కాస్త పెంచి, ఏసీని ఆరింటిదాకా నడవనివ్వండి. లేదా టైమర్ అయ్యేసరికి ఫ్యాను తిరుగుతూ ఉండేలా చూడండి. రెండోది, లేవగానే పాలసీసా, ఫోనులో కార్టూన్. ఐదింటికి రోజూ పాలు పడితే కడుపు ఐదింటికే అడగడం నేర్చుకుంటుంది. ఫోను వెలుగు సంగతి పైన చెప్పినట్టే.

మొదటి రోజు గడియారం ఎన్ని గంటలకు పెట్టాలి?

మీరు కోరుకునే టైముకి కాదు. పిల్లాడు ఇప్పుడు లేస్తున్న టైముకి ఐదు నిమిషాలు కలిపి పెట్టండి.

ఇక్కడే అందరూ తడబడతారు. పిల్లాడు ఐదింటికి లేస్తున్నాడు, మనకు ఆరున్నర కావాలి, కాబట్టి ఆరున్నరకి పెడతారు. గంటన్నర సేపు చీకట్లో ఆగడం మూడేళ్ల పిల్లాడి వల్ల కాదు. మొదటి రోజే ఏడుస్తాడు, మనం లేచి లైటు వేస్తాం. ఆ లైటు ఏం చెప్పినా చెప్పకపోయినా ఇంట్లో జరిగేది ఒకటేనని వాడికి అర్థమైపోతుంది. అక్కడి నుంచి ఆ గడియారం గోడ మీద బొమ్మే. లైటు వచ్చింది, వెంటనే అమ్మ వచ్చింది, రోజు మొదలైంది అన్నది ముందు వాడికి కొన్ని రోజులు అనుభవం కావాలి. ఆ తర్వాతే టైము జరపాలి.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కొడుకు సంగతి చెబుతాను. వాడికి అప్పుడు రెండేళ్ల ఎనిమిది నెలలు. రాత్రి 9:45కి పడుకుని 4:50కి లేచేవాడు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు నిద్ర. మొత్తం కలిపితే తొమ్మిది గంటల ఐదు నిమిషాలు. వాడి వయసుకు దాదాపు రెండు గంటలు తక్కువ. సాయంత్రం ఏడయ్యేసరికి కారణం లేకుండా పేచీలు పెట్టేవాడు.

మొదట గడియారం తీయలేదు. మధ్యాహ్నం నిద్రను ఒంటిగంటకు తెచ్చి, మూడు కాకముందే లేపడం మొదలుపెట్టాం. అలా సాయంత్రానికి మళ్లీ నిద్ర వచ్చేంత ఖాళీ దొరికింది. రాత్రి పడుకునే టైమును రోజూ కొంచెం ముందుకు లాగి ఎనిమిదిన్నరకి తెచ్చాం. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాం. ఇవి కుదిరాక గడియారాన్ని 4:55కి పెట్టాం.

వాడు 4:50కి లేచాడు. ఐదు నిమిషాల్లో లైటు వెలిగింది. అక్క వెంటనే లేచి, "గ్రీన్ లైటొచ్చింది నాన్నా, లేద్దామా!" అని ఎత్తుకుంది. మూడు రోజులు ఇలాగే. తర్వాత పది నిమిషాలు జరిపి 5:05 చేశాం. మూడు నాలుగు రోజులు ఇబ్బంది లేకుండా గడిస్తే మళ్లీ పది నిమిషాలు. 5:15, 5:25 వరకు సాఫీగా సాగింది. 5:35 దగ్గర ఆగిపోయింది. రెండు రోజులు వరసగా గుక్కపట్టి ఏడ్చాడు. మళ్లీ 5:25కి వెనక్కి వచ్చి కారణం వెతికితే, 5:20కి కుళాయి నీళ్లు వస్తాయని మామయ్యగారు మోటార్ వేస్తున్నారు, హాల్లో ట్యూబ్ లైటు వేస్తున్నారు. తలుపు సందులోంచి ఆ వెలుగు సరిగ్గా వాడి మంచం మీద పడుతోంది. తలుపు కింద పాత చీర మడిచి పెట్టాం. మామయ్యగారు ట్యూబ్ లైటు బదులు వంటింటి లైటు వేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మళ్లీ జరుపుకుంటూ 6:00 దగ్గర ఆపాం. అంతకంటే ముందుకు పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. ఎనిమిదిన్నర నుంచి ఆరు అంటే తొమ్మిదిన్నర గంటలు, మధ్యాహ్నంది గంటా నలభై ఐదు నిమిషాలు, మొత్తం పదకొండుంపావు. సాయంత్రం పేచీలు తగ్గాయి.

మొత్తం పని నెల దాటింది. వారంలో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పిల్లాడికి ఎలా నేర్పాలి?

పగటిపూట ఆటగా నేర్పండి. తెల్లవారుజామున నిద్రమత్తులో పాఠం చెబితే వినడు. సాయంత్రం గదిలో కర్టెన్లు వేసి, బొమ్మను పడుకోబెట్టి, మీరూ వాడూ పక్కన పడుకోండి. గడియారాన్ని రెండు నిమిషాల తర్వాతకి పెట్టండి. బొమ్మ మధ్యలో లేవబోతే "ఇంకా లైటు రాలేదమ్మా, పడుకో" అని వాడి చేతే చెప్పించండి. లైటు వెలగగానే అందరూ చప్పట్లు కొట్టి లేవండి. బొమ్మకు చెప్పే మాట వాడికి బాగా గుర్తుంటుంది. ఆట అయ్యాక అలారం మళ్లీ పొద్దుటి టైముకి మార్చారో లేదో చూసుకోండి. `AM` బదులు `PM` పడితే లైటు సాయంత్రం వస్తుంది, పొద్దున రాదు. పొద్దున లైటు రాలేదంటే నేను మొదట చూడమని చెప్పేది ఇదే.

లైటు రాకముందే లేచి ఏడిస్తే ఏం చేయాలి?

వెళ్లండి. ఏడుస్తుంటే వదిలేయమని నేను ఎవరికీ చెప్పను. వెళ్లి, లైటు వేయకుండా, తక్కువ గొంతుతో ఒకే మాట చెప్పండి: "ఇంకా లైటు రాలేదు. పడుకుందాం." రోజూ అదే మాట. వీపు నిమరండి. బతిమాలడం, కథలు చెప్పడం వద్దు, అవి లేచినందుకు దొరికే బహుమతులవుతాయి.

సుస్సు వస్తే తీసుకెళ్లాలి, దాహమేస్తే రెండు గుక్కలు మంచినీళ్లు పట్టాలి. పాలు మాత్రం లైటు వచ్చాకే. వాడు మళ్లీ నిద్రపోవాలని పట్టుబట్టకండి. బొమ్మతో, దుప్పటి అంచుతో ఆడుకుంటూ మంచం మీద ఉంటే చాలు. కళ్లు తెరిచి ఉన్నా ఆ చీకటిలో పడుకుని ఉంటే కొన్నాళ్లకు నిద్ర దానంతటదే సాగుతుంది.

లైటు రాగానే నిమిషంలోపు మీరు లేవాలి. ఇది వాడికి ఇచ్చిన మాట. లైటు వచ్చాక "అయిదు నిమిషాలు ఆగరా" అని మనం పడుకుంటే, రేపు వాడు లైటు కోసం ఎందుకు ఆగాలి?

అత్తయ్య, మామయ్య పొద్దున్నే లేస్తారు. వాళ్లను ఎలా ఒప్పించాలి?

వాళ్లు లేవడం సమస్య కాదు. పిల్లాడి అలికిడి వినగానే తాతయ్య వచ్చి ఎత్తుకుని బాల్కనీలోకి తీసుకెళ్లడం సమస్య. వాళ్లది ప్రేమే, మీ నిద్ర పాడవకూడదనే తీసుకెళ్తారు. కానీ పదిరోజుల్లో ఒక్కరోజు అలా జరిగినా, పిల్లాడు మిగతా తొమ్మిది రోజులూ ఆ ఒక్కరోజు కోసం ఎదురుచూస్తాడు.

"మీరు ఎత్తుకోవద్దు" అంటే నొచ్చుకుంటారు. పని అప్పగించండి. "మామయ్యా, లైటు వెలగగానే వాణ్ని లేపి తీసుకెళ్లే పని మీదే" అనండి. లైటుతో పాటు తాతయ్య వస్తాడంటే ఆ లైటుకు విలువ ఇంకా పెరుగుతుంది. మా అక్కావాళ్ల ఇంట్లో ఇదే బాగా పనిచేసింది. ధనుర్మాసంలో గుడి మైకు, మసీదు అజాన్, పాలబండి చప్పుడు మన చేతిలో లేవు. వాటికి ఫ్యాను శబ్దం కొంత అడ్డం, అంతే.

అందరం ఒకే గదిలో పడుకుంటాం. గడియారం ఎక్కడ పెట్టాలి?

పిల్లాడు పడుకున్న చోటి నుంచి తల తిప్పితే కనబడాలి, నిలబడి చెయ్యి చాచినా అందకూడదు. బీరువా పైన, ఎత్తు షెల్ఫులో పెట్టొచ్చు. అందితే బటన్లు నొక్కి తానే తెల్లవారేలా చేసుకుంటాడు. వైరు వేలాడకూడదు. చిన్న గుండ్రటి బ్యాటరీ ఉండే మోడలైతే దాని మూతకు స్క్రూ ఉందో లేదో తప్పకుండా చూడండి. ఆ బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది, ప్రాణాపాయం.

ఒకే గదిలో ఉన్నప్పుడు మీరు నిద్ర నటించడం ముఖ్యం. లైటు రాకముందు మీరు లేచి ఫోను చూస్తుంటే వాడికి తెల్లారినట్టే. చంటిపిల్ల పాలకు లేవాల్సి వస్తే ఫోను టార్చ్ వేయకుండా మసక ఎరుపు బెడ్ లైటుతో పని కానివ్వండి.

కరెంటు పోతే?

గడియారంలో బ్యాటరీ బ్యాకప్ లేకపోతే టైము మొదటికి వస్తుంది, పొద్దున లైటు రాదు. పిల్లాడు లైటు కోసం చూస్తూ చూస్తూ ఏడుస్తాడు. కొనేటప్పుడు బ్యాకప్ ఉందా అని అడగండి, లేదా ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్గులో పెట్టండి. ఎప్పుడైనా లైటు రాకపోతే టైము కాగానే మీరే చేత్తో వెలిగించండి.

ఖరీదైన గడియారం కొనకుండా ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఎలక్ట్రికల్ షాపులో ప్లగ్గుకి పెట్టే టైమర్ దొరుకుతుంది. దానికి గ్రీన్ జీరో బల్బు తగిలిస్తే సరిపోతుంది. తిప్పే చక్రం ఉన్న టైమర్లలో ఒక్కో పిన్ను పదిహేను నిమిషాలు. కాబట్టి పదేసి కాకుండా పదిహేనేసి నిమిషాలు జరపండి, ఒక్కో మెట్టు మీద నాలుగైదు రోజులు ఆగండి. ఒక చిక్కు ఉంది. కరెంటు పోయినంతసేపు ఆ చక్రం ఆగిపోతుంది. అర్ధరాత్రి అరగంట పోతే పొద్దున లైటు అరగంట ఆలస్యంగా వస్తుంది. రాత్రి పడుకునే ముందు చక్రంలో టైము సరిగ్గా ఉందో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

వైఫై ప్లగ్గులు టైము తప్పవు, కానీ కొన్ని కరెంటు తిరిగి రాగానే వాటంతటవే ఆన్ అవుతాయి. రాత్రి రెండింటికి గ్రీన్ లైటు వెలిగితే పిల్లాడు లేచి కూర్చుంటాడు. కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా ఆప్‌లో సెట్టింగ్ ఉంటే అది పెట్టండి. ఒకసారి స్విచ్ ఆపి, మళ్లీ వేసి చూస్తే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం నిద్రకూ ఇదే లైటు వాడొచ్చా?

పొద్దుటి అలవాటు గట్టిపడే వరకు వద్దు.

పెళ్లికో, ఊరికో వెళ్తే?

గడియారం వెంట తీసుకెళ్లండి. రాత్రి పెళ్లిలో పదకొండయినా, మర్నాడు లైటు టైము మార్చకండి. ఆ రోజు మధ్యాహ్నం అరగంట ఎక్కువ పడుకోనివ్వండి, రాత్రి కాస్త ముందే పడుకోబెట్టండి. తిరిగి వచ్చాక రెండు మూడు రోజులు గడబిడ ఉంటుంది, సర్దుకుంటుంది.

పనిచేయడం లేదని ఎలా తెలుస్తుంది?

రాత్రి మధ్యలో లేచి "లైటొచ్చిందా?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే, పడుకోవడానికే టెన్షన్ పడుతుంటే, గడియారం వాడికి బెంగగా మారిందన్నమాట. రెండు వారాలు తీసి పక్కన పెట్టండి. లైటుకు ముందు ఇరవై నిమిషాలకు మించి ఏడుస్తూ గడుపుతుంటే మీరు తొందరపడి జరిపారు. చివరిసారి సాఫీగా జరిగిన టైముకి వెనక్కి వెళ్లండి. లేచే టైము రోజురోజుకీ ఇంకా ముందుకు వస్తుంటే గడియారం సంగతి వదిలి, మధ్యాహ్నం నిద్రనీ రాత్రి పడుకునే టైమునీ మళ్లీ రాసి చూసుకోండి.

నిద్రలో గురక పెడుతుంటే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, మధ్యలో ఊపిరి ఆగినట్టనిపిస్తే ఈ పద్ధతులేవీ వద్దు. ముక్కు వెనక అడినాయిడ్లు, గొంతులో టాన్సిల్స్ పెరిగిన పిల్లలకు నిద్ర అలాగే తెగిపోతుంటుంది. రాత్రి పడుకున్నప్పుడు ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి పిల్లల డాక్టరుకు చూపించండి. మాటల్లో చెప్పేదానికంటే ఆ వీడియోతో వాళ్లకు త్వరగా అర్థమవుతుంది.